పాపిడి ఎక్కడ?

శుభలేఖ రాసే పని నాకే అప్పజెప్పారు. మా అమ్మాయి సీమంతం. తారీఖు, చోటు, కట్టుబట్టల గురించి ఒక మాట, మొత్తం మూడు ముక్కలు. కాఫీ చల్లారేలోగా రాసేస్తాననుకున్నాను. పదకొండు రోజులు పట్టింది.

'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' వరకూ నిజంగానే ఏ విఘ్నమూ రాలేదు. ఆ కింద 'సీమంతం' అని రాయగానే మా ఆవిడ కళ్లజోడు సర్దుకుంది.

"శ్రీమంతం కదండీ?"

"కాదే. సీమంతం అంటే పాపిడి. భర్త భార్యకి పాపిడి తీసే సంస్కారం ఇది. అందుకే సీమంతోన్నయనం అన్నారు."

"మా పుట్టింట్లో అందరికీ శ్రీమంతమే చేశారు. అందరికీ పండంటి పిల్లలే పుట్టారు."

దీనికి వ్యాకరణంలో జవాబు లేదు. అయినా పట్టుబట్టి సీమంతమే ఉంచాను. ఈ ఇంట్లో నేను గెలిచిన వాదాల్లో అది రెండోది.

తర్వాత తారీఖు. అయిదో నెలలో కుదరలేదు, ఏడో నెల దాటకూడదు, ఎనిమిదో నెలలో మా వైపు చెయ్యరు. హాలు దొరికింది మాత్రం మే 18, ఆదివారం ఒక్కటే. డాక్టరమ్మ చీటీ ప్రకారం ఆ రోజుకి సరిగ్గా 30 వారాలు. మా వియ్యపురాలు ముప్పైని నాలుగుతో భాగించి, "ఏడున్నర. అంటే ఎనిమిదో నెల నడుస్తున్నట్టేగా అన్నయ్యగారూ!" అంది. నేను ఇంగ్లీషు క్యాలెండరు తిరగేశాను. చీటీలో లెక్క మొదలైంది అక్టోబరు 20న. మే 20 వస్తేగానీ ఏడు నెలలు నిండవు. రెండు రోజుల తేడాతో బయటపడ్డాం అని ఊపిరి పీల్చుకునేలోపు పురోహితుడుగారు ఫోనులో, "చాంద్రమానంలో నెలంటే ఇరవై తొమ్మిదిన్నర రోజులేనండీ, మీ 210 రోజులకి ఎనిమిదో నెల వచ్చేసింది" అన్నారు.

ఒక్క బిడ్డ, మూడు లెక్కలు. చివరికి తీర్పు చెప్పింది మంచం మీద చలిమిడి తింటున్న మా అమ్మ. "డాక్టర్లు నెల తప్పకముందు నుంచే లెక్కెడతార్రా, లేని పిల్లకి కూడా వయసు కడతారు. నెల తప్పిన దగ్గర్నుంచి లెక్కెట్టుకో." లెక్కెట్టాను. నాలుగు వారాలు ఎగిరిపోయాయి. 26 వారాలు, అంటే 182 రోజులు. ఏ క్యాలెండరులో చూసినా ఏడో నెల ప్రవేశం! పురోహితుడుగారు కూడా, "పెద్దవాళ్ల మాట" అని సర్దుకున్నారు.

చోటు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. రాజమండ్రిలో మే నెల, ఏసీ ఉన్న హాలు. చిక్కల్లా అది సాయంత్రం నాలుగింటికి గానీ ఖాళీ కాదు. ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు దాకా. కార్డు మీద 6.15 వేశాం. కడుపుతో ఉన్న పిల్ల సంధ్యవేళ గడప దాటకూడదంది మా అమ్మ. అందుకని నాలుగింటికే హాల్లో దింపి, ఆ రెండు గంటలూ జడ వేయించాలని నిర్ణయం. రాహుకాలంలో జడ వేయచ్చా అని అడిగాను. జడకి రాహువు ఉండడట.

ఇక కట్టుబట్టలు. అమ్మాయి, "ఆకుపచ్చా పసుపూ అని రాయండి నాన్నా, ఫొటోల్లో బావుంటుంది" అంది. మా పెద్దక్కకి ఆ ముక్క ఎలా చేరిందో గానీ, "యూనిఫారం పెట్టి పిలుస్తావేంట్రా? నాకున్న మంచి వెంకటగిరి చీర వంగపండు రంగుది. గేటు దగ్గర ఆపేస్తారా?" అని ఫోను. అసలు మాకు కావలసింది నల్లచీర కట్టుకు రావద్దనడమే. శుభలేఖ మీద 'వద్దు' అనే మాట రాయలేం. చివరికి ఇలా తేలింది:

'వేదిక చల్లగా ఉండును గనుక పట్టుచీరలు, పట్టుపంచెలతో, శుభప్రదమైన వర్ణములలో విచ్చేసి, మా అమ్మాయికి గాజులు తొడిగి ఆశీర్వదించ ప్రార్థన.'

ముత్తైదువులకి పంచే గాజుల కొలతలు కూడా కార్డులోనే అడుగుదామంది మా ఆవిడ. వద్దన్నాను. 2.4, 2.6, 2.8 మూడూ తెచ్చుకుంటే పోతుంది. అమ్మాయికి మాత్రం తన కొలత కంటే ఒకటి పెద్దవే తెచ్చాం. ఏడో నెలకి చేతులు కాస్త నీరు పట్టాయి. మామూలు కొలతవి ఎక్కితే దిగవు.

ఆ రోజు అందరూ వచ్చారు. పెద్దక్క వంగపండు రంగులోనే వచ్చింది. పసుపు, గంధం అయ్యాయి. పురోహితుడుగారు మేడిపళ్ల గుత్తి, దర్భలు, ఏదుముల్లు కలిపి మా అల్లుడి చేతికిచ్చి, "నుదుటి నుంచి వెనక్కి, మూడుసార్లు పాపిడి తియ్యి బాబూ" అన్నారు.

అల్లుడు లేచి నిలబడ్డాడు. అమ్మాయి తల మీద రెండు గంటలు కష్టపడి కట్టిన పూలజడ, దాని ముందు పొంగించి స్ప్రే కొట్టి నలభై పిన్నులతో బిగించిన జుట్టు. ఏదుముల్లు ఒకచోట ఆనించాడు, దిగలేదు. ఇంకోచోట ఆనించాడు. బ్యూటీషియను గుండె మీద చెయ్యేసుకుంది. వాడు నా వైపు తిరిగి మెల్లిగా అడిగాడు.

"మావయ్యగారూ, పాపిడి ఎక్కడుందండీ?"

మా ఆవిడ నా చెవి దగ్గరకి వంగింది. "అందుకే శ్రీమంతం అని వెయ్యమన్నాను."