రెండూ నిజమే... అయితే?

దోర్నాల సెంటర్లో నిలబడి ఎవరినైనా ఒక మాట అడిగి చూడండి. ఇంకో మాట చెబుతారు. రెండూ నిజాలే అయి ఉంటాయి. ఒకదానికీ ఇంకోదానికీ చుట్టరికం మాత్రం ఉండదు. "శ్రీశైలం బస్సు ఇంకా రాలేదేం?" అంటే, "ఎండలు ముదిరినయ్ గదా సారూ!" అంటారు. బస్సు రాని మాట నిజం. ఎండలు ముదిరిన మాటా నిజం. అడిగినవాడు కూడా "అవున్లే" అని తలూపి టీకొట్టు బల్ల మీద కూలబడతాడు. బస్సు ఎందుకు రాలేదో ఇద్దరికీ తెలీదు. ఇద్దరి మనసూ మాత్రం కుదుటపడింది.

సైన్సు పరీక్షల్లో 'నిశ్చితం–కారణం' ప్రశ్నలు తయారుచేసేవాళ్లు ఈ బల్ల మీద కూర్చున్నవాళ్లే అయి ఉంటారని నా అనుమానం. పైన ఒక వాక్యం ఇస్తారు, అది నిశ్చితం. కింద ఇంకో వాక్యం, అది కారణం. దాని కింద నాలుగు జవాబులు. ఒకటి: రెండూ నిజం, కారణం సరైన వివరణే. రెండు: రెండూ నిజం, కారణం వివరణ కాదు. మూడు: నిశ్చితం నిజం, కారణం తప్పు. నాలుగు: నిశ్చితం తప్పు, కారణం నిజం. మన టీకొట్టు జవాబు రెండోది. కానీ మనలో నూటికి తొంభైమంది మొదటిదానికే చుక్క పెడతారు.

మా మేనల్లుడు వాళ్లలో ముందు వరసలో ఉంటాడు. వాడు ఎంసెట్‌కు చదువుతున్నాడు. ఆ పరీక్షకు పేరు మారి ఏళ్లయినా మా ఇంట్లో అది ఎంసెట్టే. వాడి పద్ధతి ఏంటంటే, రెండు వాక్యాల మధ్య సొంతంగా ఒక 'ఎందుకంటే' అతికించి, గుక్క తిప్పుకోకుండా చదువుతాడు. చెవికి ఇంపుగా ఉంటే ఒకటో జవాబు, లేకపోతే రెండోది. "వినడానికి బాగుంది గదా మామా!" అంటాడు. వాడు రాసేది సైన్సు పరీక్షా, పాటల పోటీయా అని మా అక్కకే అనుమానం వచ్చింది.

వాణ్ణి మరీ తిట్టడానికీ లేదు. 'ఎందుకంటే' అన్న మాటకు అంత బలం ఉంది. ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు అమెరికాలో చేసిన ఒక ప్రయోగం 1978లో అచ్చయింది. జిరాక్సు మిషను దగ్గరున్నవాళ్లను "అయిదు పేజీలున్నాయి, నన్ను ముందు తీసుకోనిస్తారా?" అని అడిగితే నూటికి 60 మంది సరేనన్నారు. "ఎందుకంటే నేను కాపీలు తీసుకోవాలి" అని చేర్చి అడిగితే 93 మంది సరేనన్నారు. జిరాక్సు దగ్గరికి వచ్చినవాడు కాపీలు గాక కందిపప్పు తీసుకుంటాడా? అది కారణమే కాదు. అయినా పని జరిగిపోయింది. అదే అయిదు పేజీలు ఇరవై అయ్యేసరికి మాత్రం ఆ ఉత్తుత్తి కారణం పారలేదు. చేతిలో పని పెద్దదైతే మనిషి కాస్త ఆగి ఆలోచిస్తాడన్నమాట. పరీక్షలో నిమిషానికో ప్రశ్న కాబట్టి ఆగడు. ప్రశ్న తయారుచేసినవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

అందుకని మావాడికి ఒక్కటే నియమం పెట్టాను. ముందు కారణం మీద అరచెయ్యి అడ్డం పెట్టి నిశ్చితం ఒక్కటే చదవాలి. పక్కన టిక్కో ఇంటూనో పెట్టాలి. తర్వాత నిశ్చితాన్ని మూసి కారణం ఒక్కటే చదవాలి. దానికీ ఒక గుర్తు. రెండూ టిక్కులైతేనే మూడో మెట్టుగా 'ఎందుకంటే'కు గేటు తియ్యాలి.

వాడికి నమ్మకం కుదరడానికి మా పడమటి ప్రకాశం నీళ్ల మీదే ప్రశ్న వేశాను. నిశ్చితం: నీళ్లను మరగబెడితే అందులోని ఫ్లోరైడు పోతుంది. కారణం: మరగబెడితే నీళ్లలోని క్రిములు చస్తాయి. వాడు చెయ్యి అడ్డం పెట్టకుండానే, "ఒకటో జవాబు మామా, మరగబెడితే అన్నీ పోతయ్" అన్నాడు. చెయ్యి పెట్టించాను. ఫ్లోరైడు ఒక్కటే ఎదురుగా కనపడేసరికి ఆలోచనలో పడ్డాడు. ఫ్లోరైడు ఆవిరై పోయేది కాదు, పోయేది నీళ్లే. బిందెడు నీళ్లు ముప్పాతిక బిందె అయ్యేదాకా మరిగిస్తే ఫ్లోరైడు అంతా అందులోనే ఉండి, ఇంకాస్త చిక్కబడుతుంది. అంటే నిశ్చితం తప్పు. క్రిముల మాట ఒప్పు. జవాబు నాలుగోది. కింద ఉన్న నిజం పైనున్న అబద్ధానికి జామీను ఉండబోయిందన్నమాట.

ఇప్పుడు నిశ్చితంలో ఒక్క ముక్క మార్చాను. 'పోతుంది' తీసి 'పోదు' అని పెట్టాను. ఇప్పుడు రెండూ నిజాలే. కానీ క్రిములు చచ్చాయి కాబట్టి ఫ్లోరైడు ఉండిపోయిందా? లేదు గదా! జవాబు రెండోదానికి జరిగింది. "అంటే మామా, చెయ్యి తీసేదాకా అవి రెండూ పక్కపక్క ఇళ్లు, అంతేనా?" అన్నాడు. దారిలోకొస్తున్నాడనిపించింది.

అసలు కిటుకు మూడో మెట్టులో ఉంది. రెండూ నిజాలై, రెండూ ఒకే వస్తువు గురించి మాట్లాడుతుంటే, బంధుత్వం లేకపోయినా ఉన్నట్టే కనపడుతుంది. దీనికి మార్కాపురం పలకను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. నిశ్చితం: పలకరాయి పల్చటి రేకులుగా చీలుతుంది. కారణం: పలకరాయి రూపాంతర శిల. మొదటిది ఉలితో పలకలు చీల్చిన చేతుల్ని అడగండి, నిజమే అంటారు. రెండోది పాఠ్యపుస్తకాన్ని అడగండి, అదీ నిజమే. మావాడు ధైర్యంగా ఒకటో జవాబు అన్నాడు.

"పాలరాయి ఏ శిలరా?" అన్నాను.

"రూపాంతర శిలే."

"మరి దాన్ని రేకులుగా చీల్చు చూద్దాం."

వాడు నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. కారణం సరైనదైతే, ఆ కారణం ఉన్న ప్రతిచోటా ఫలితం కనపడాలి. పాలరాయి దగ్గర కనపడలేదు, కాబట్టి వివరణ చాలదు. అసలు సంగతి ఏమిటంటే, పలకరాయి ఒకప్పుడు బురద గట్టిపడిన రాయి. భూమి లోపల ఒత్తిడికి దాంట్లోని అభ్రకం లాంటి చదునైన ఖనిజ రేణువులు అన్నీ ఒకే దిక్కుకు తిరిగి పడుకున్నాయి. ఆ వరసల వెంబడే రాయి చీలుతుంది. పాలరాయి సున్నపురాయి నుంచి పుట్టింది. దాని గింజలు చదునైనవి కావు, కాబట్టి వరసలూ లేవు. 'రేణువులన్నీ ఒకే దిక్కున అమరి ఉన్నాయి' అని కారణం ఇచ్చి ఉంటే మొదటి జవాబే ఒప్పు.

ఇంకో హెచ్చరిక కూడా చేశాను. కొన్ని పేపర్లలో నాలుగో జవాబు 'రెండూ తప్పు' అని ఉంటుంది, కొన్నిట్లో జవాబుల వరస కూడా మారుస్తారు. అంకెలు బట్టీపట్టినవాడు అన్నీ తెలిసి కూడా తప్పు గడిలో చుక్క పెట్టి వస్తాడు.

విద్య ఒంటబట్టింది. దాన్ని మొదట వాడింది వాళ్లమ్మ మీదే. "మార్కులు తగ్గినయ్, ఎందుకంటే పొద్దస్తమానం ఫోను చూస్తున్నావు" అంది మా అక్క. వీడు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "అమ్మా, రెండూ నిజమే. కానీ రెండోది మొదటిదానికి వివరణ అని రుజువేంది? రెండో జవాబు" అన్నాడు.

నేను వాడి భుజం తట్టబోయాను. అక్క అంతకన్నా ముందే చెయ్యి చాపి ఫోను తీసుకుంది.

"కారణం తీసేసినా మార్కులు అట్నే ఉంటే నువ్వు చెప్పిందే రైటు. నెల రోజులు చూద్దాం."

మా అక్క చదివింది ఏడో తరగతి. నేను రెండు వారాలుగా చెబుతున్న మూడో మెట్టును ఆమె ప్రయోగంతో సహా ఒక్క వాక్యంలో ముగించింది.