మందు కాని మందు

మా బావగారికి మందులంటే భయం. డాక్టరు బీపీకి రోజుకో మాత్ర రాసిస్తే, డబ్బాలో మడిచిపెట్టిన కాగితం విప్పి, భూతద్దం పెట్టి, తల తిరగడం దగ్గర్నుంచి కాళ్ళ వాపు దాకా అన్నీ మా అక్కకి పైకి చదివి వినిపిస్తారు. చదవడం పూర్తయ్యేసరికి ఆయనకి తల తిరుగుతుంది. ఆ మాత్ర వెళ్ళి దేవుడి గూట్లో విభూతి పక్కన చేరుతుంది.

అదే మనిషి, మూతమీద ఆకు బొమ్మ ఉంటే చాలు, ఏదైనా మింగేస్తారు. ప్రతి కుటుంబంలోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు కాబట్టి మీకు పెద్దగా వర్ణించక్కర్లేదు. కాకరకాయ రసం, కలబంద గుజ్జు, నల్లజీలకర్ర అన్నీ అయ్యాక, రిటైరైన ఏడాది బొజ్జ మీద దృష్టి పడింది. ఆన్‌లైన్లో ఒకటి కొంటే ఒకటి ఉచితమని రెండు సీసాలు వచ్చాయి. లోపల గార్సీనియా, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్. సీసామీద సన్నని నడుముకి చుట్టిన టేపు బొమ్మ, పక్కన ‘నూటికి నూరుపాళ్ళూ సహజం’. అన్నిటికన్నా ఆయనకి నచ్చింది ఏమిటంటే, లోపల కాగితం లేదు.

“చూశావటోయ్! సైడ్ ఎఫెక్టులుంటే కాగితం పెట్టేవాళ్ళు కదా?”

మందులవాళ్ళు చట్టం అడుగుతుంది కాబట్టి పెడతారనీ, వీటిని ఫుడ్ సప్లిమెంట్ కింద అమ్ముతారు కాబట్టి మందులాగా మనుషుల మీద పరీక్షించి నిరూపించాల్సిన పని లేదనీ నేనన్నాను. ఆయన సీసా తిప్పి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు చూపించారు. ఆ పద్నాలుగు అంకెలూ మా ఇంటి పక్క మిఠాయి కొట్టు పెట్టెమీదా ఉంటాయంటే, “అందుకే ఆ కొట్లో జిలేబీ బాగుంటుంది” అన్నారు.

గార్సీనియా అంటే కొత్తదేం కాదు. కేరళవాళ్ళు చేపల పులుసులో వేసుకునే కుడంపులి. ఆ పండు తొక్కలో హైడ్రాక్సీ సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. ఒంట్లో మిగిలిన చక్కెరని కొవ్వుగా మార్చే ఎంజైము ఒకటుంటే, ఈ ఆమ్లం దానికి అడ్డుపడుతుంది. ఎలకలకి పెడితే తిండి తగ్గించాయి. ప్రకటనలన్నీ ఆ ఎలకల మీద నిలబడ్డవే. మనుషుల సంగతి 1998లో అమెరికాలో చూశారు: 135 మందిలో కొందరికి ఈ ఆమ్లం, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర, పన్నెండు వారాలు. ఇది మింగినవాళ్ళు సగటున 3.2 కిలోలు తగ్గారు. ఉత్తుత్తి మాత్రవాళ్ళు 4.1.

ఈ సంగతి విని బావగారు చాలాసేపు ఆలోచించారు. “అయితే ఆ రెండోది ఏ కంపెనీదోయ్?”

ఇక గ్రీన్ టీ. కప్పులో తాగే గ్రీన్ టీతో ఎవరికీ పేచీ లేదు. ఎక్స్‌ట్రాక్ట్ అంటే ఆకుల్లోని సారాన్ని పిండి, చిక్కబెట్టి, గొట్టంలో కూరడం. అందులో ఈజీసీజీ అనే పదార్థం ఉంటుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో లెక్క తేల్చింది: టీగా తాగేవాళ్ళకి మామూలుగా రోజుకి 90 నుంచి 300 మిల్లీగ్రాములు అందుతుంది. సప్లిమెంట్లుగా 800, ఆపైన తీసుకుంటే మాత్రం కొందరి రక్తంలో లివర్ ఎంజైములు పెరుగుతున్నాయి.

బావగారు కరెంటాఫీసులో అకౌంట్స్ చూసిన మనిషి కదా అని ఆయన సీసా ఆయన ముందే పెట్టి లెక్క కట్టాను. గొట్టంలో సారం 400 మిల్లీగ్రాములు, అందులో సగం ఈజీసీజీ, అంటే 200. పూటకి రెండు, రోజుకి రెండు పూటలు. మొత్తం సరిగ్గా 800. పైగా సీసామీద భోజనానికి ముందు అని ఉంది. ఖాళీ కడుపున మింగితే ఇది రక్తంలోకి మరింత ఎక్కువ చేరుతుంది. బావగారు పరగడుపు విషయంలో ఎప్పుడూ నిష్ఠగా ఉంటారు.

లెక్క ఒప్పుకున్నారు, సీసా మాత్రం వదల్లేదు. నెలన్నర గడిచింది. ఓ రోజు ఫోను: “పనిచేస్తోందోయ్! ఆకలే వెయ్యట్లేదు. మీ అక్క గుత్తొంకాయ చేస్తే వాసనకే కడుపులో తిప్పింది. మూడు కిలోలు ఔట్!”

గుత్తొంకాయ వద్దన్న మా బావగారిని నేనెన్నడూ చూడలేదు. అప్పుడే అనుమానించాల్సింది ఎవరైనా. లివర్ దెబ్బతినేటప్పుడు మొదట పోయేది ఆకలే. తర్వాత వికారం, నీరసం. బరువు తగ్గాలని మందు మింగేవాడికి ఇంతకన్నా శుభవార్త ఏముంటుంది? మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి తిరిగితే ‘విషాలు పోతున్నాయి’ అన్నారు. ఒళ్ళంతా దురద పుడితే ‘కొవ్వు కరుగుతోంది’ అన్నారు. ప్రతి అపాయ సూచనకీ ఆయన దగ్గర ఒక అభినందన సిద్ధంగా ఉంది.

చివరికి పట్టుకున్నవాడు మంగలి. గడ్డం గీస్తూ మొహం వెలుతురుకేసి తిప్పి, “సార్, కళ్ళు పచ్చగా ఉన్నాయి” అన్నాడట. బావగారు తిన్నగా ఊళ్ళో పసరు పోసే ఆయన దగ్గరికి బయల్దేరారు. అక్క ఆటోని ఆస్పత్రి వైపు తిప్పించింది.

నలభై లోపు ఉండాల్సిన ఎంజైము వెయ్యి దాటింది. ఒకటి దాటకూడని బిలిరుబిన్ ఆరు దాటింది. డాక్టరమ్మ అడిగింది: “ఏమైనా మందులు వాడుతున్నారా?”

“లేదండి.” ఇందులో ఆయన అబద్ధమేమీ ఆడలేదు. సీసామీద చట్టప్రకారం ‘మందుగా వాడరాదు’ అని అచ్చువేసి ఉంది. ఆవిడ అటుతిప్పి ఇటుతిప్పి అడుగుతూనే ఉంది, ఈయన లేదంటూనే ఉన్నారు, ఆఖరికి అక్క హ్యాండ్‌బ్యాగులోంచి సీసా తీసి బల్లమీద టక్కున పెట్టింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో అక్క అంత చప్పుడు చెయ్యగా నేను వినలేదు.

ఇది సీసా పనే అని చెప్పే పరీక్షంటూ ఒకటి లేదు. అందుకని వైరస్ హెపటైటిస్‌లు ఒక్కొక్కటే రక్తపరీక్షలతో కొట్టేశారు. స్కానింగు తీసి పిత్తాశయంలో రాళ్ళు లేవన్నారు. రక్తం గడ్డకట్టే వేగం మామూలుగానే ఉంది కాబట్టి లివర్ పని ఆగలేదని డాక్టరమ్మ కాస్త ఊపిరి పీల్చుకుంది. అది తప్పితే లివర్ మార్పిడి దాకా వెళ్ళినవాళ్ళున్నారట. వైద్యమల్లా సీసా ఆపెయ్యడం, వారం వారం రక్తం చూసుకోవడం. అంకెలు దిగడం మొదలయ్యాక గాని సీసా మీద నేరం గట్టిపడలేదు.

“మా వాకింగ్ బ్యాచ్‌లో నలుగురు వాడుతున్నారండీ, వాళ్ళకేం కాలేదే?” అని బావగారి అప్పీలు. అందరికీ కాదని ఆవిడే చెప్పింది. గ్రీన్ టీ సారంతో, గార్సీనియాతో లివర్ చెడినవాళ్ళలో ఒక హెచ్‌ఎల్‌ఏ జన్యురకం ఎక్కువగా కనబడుతోంది. అది మనకుందో లేదో మింగకముందు ఎవరూ చూసుకోరు. ఒకసారి దెబ్బతిన్నవాళ్ళు మళ్ళీ మొదలుపెడితే ఈసారి త్వరగా వస్తుంది, గట్టిగానూ వస్తుంది.

ఆకలి తిరిగొచ్చింది. మూడు కిలోలూ తిరిగొచ్చాయి, తోడుగా ఇంకొకటి తెచ్చుకుని. ఉచితంగా వచ్చిన రెండో సీసా సీలు విప్పలేదు కాబట్టి వాపసు తీసుకుంటారా అని ఆయన ఆ కంపెనీకి ఫోన్లు చేశారు. అక్క దాన్ని విప్పి సింకులో పోసింది.

మొన్న ఆఖరి పరీక్షకి నేనే తీసుకెళ్ళాను. రిపోర్టు బాగుంది. డాక్టరమ్మ నవ్వుతూ ఫైలు మూస్తుంటే బావగారు కుర్చీ ముందుకి జరిపి, గొంతు తగ్గించి అడిగారు: “లివర్‌ని శుభ్రం చేసే మూలికల సిరప్ ఒకటుందటండీ... సైడ్ ఎఫెక్టులేమీ ఉండవట.”

ఆవిడ ఫైలు మళ్ళీ తెరిచి, వచ్చే నెలకి ఇంకో రక్తపరీక్ష రాసింది.