చురక: లగ్గం సెలవు

హెడ్మాస్టర్ సారుకు భువనగిరి నుంచి ఒక తండ్రి దండం పెట్టి రాసేదేమనగా,

మా బామ్మర్ది బిడ్డ లగ్గం ఉన్నది. లగ్గం ఒక్కపూటే సార్. కానీ ముందుగాల పసుపు కొట్టుడు, పోచమ్మకు బోనం, మైలపోలు ఉంటయి. తర్వాత అప్పగింతలు, దావత్, యాదగిరిగుట్టల సత్యనారాయణ వ్రతం. కావున మా పాపకు రెండు వారాలు సెలవు ఇయ్యాలె. పదహారు రోజుల పండుగకు మళ్లా వేరే చీటీ రాస్తం.

మీ బడిలనే ఉన్న మా కొడుకు రోజూ వస్తడు. వానికి లెక్కలు పోతయట. పాపకేం పోతయి సార్? అత్తమ్మకు చేతికింద మనిషి కావాలె.

ఇట్లు, తండ్రి.

(సంతకం తండ్రిదే. చీటీ రాసింది పాప. ఒక్క అక్షరం తప్పు లేదు.)