ఒక మార్కు భూగోళం

మాది కోనసీమ. అందుచేత డెల్టా అంటే ఏమిటో నేను డెల్టాలోనే కూర్చుని బట్టీ పట్టాను. నది సముద్రంలో కలిసే చోట ఒండ్రుమట్టి మేట వేయగా ఏర్పడిన త్రిభుజాకారపు భూమిని డెల్టా అందురు. చివర ఆ ‘అందురు’ లేకపోతే మా సోషల్ మాస్టారు మార్కు వేసేవారు కాదు. అదే ఒండ్రుమట్టి కాళ్లకు అంటించుకుని క్లాసులోకి వస్తే మాత్రం బోరింగు దగ్గరికి తరిమేవారు.

మా వైపు జనానికి డెల్టా అంటే త్రిభుజమూ కాదు, గ్రీకు అక్షరమూ కాదు. కాలవ నీరు పారేది డెల్టా, పారనిది మెట్ట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక స్థిరపడిన నిర్వచనమిది. సంబంధం మాట్లాడేటప్పుడు “కుర్రాడికి అయిదెకరాలండి” అనగానే ఆడపిల్లవారు “డెల్టాయా, మెట్టా?” అని అడుగుతారు. ఆ జవాబు మీద ముహూర్తాలే ఆధారపడి ఉండేవి. బళ్లో దానికి ఒక్క మార్కే.

తరువాతి పేజీలో ద్వీపకల్పం ఉండేది. కల్పవృక్షం, కల్పాంతం విన్న చెవులకు ఇదేదో పురాణంలోంచి వచ్చిందనిపించేది. తెలుగు మాస్టారు సందేహం తీర్చారు: “కల్పం అంటే ఇక్కడ దాదాపు అనిరా. దాదాపు ద్వీపం. మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు నేల.” “గోదారి వరదల్లో మా ఇల్లూ అంతేనండి” అన్నాడు లంక గ్రామం నుంచి వచ్చే మా స్నేహితుడు. నిర్వచనం వాడికొక్కడికే సరిగ్గా అర్థమైందని నా నమ్మకం.

పీఠభూమి ఇంకా చిక్కు. చుట్టుపక్కల కన్నా ఎత్తుగా, పైన చదునుగా ఉండాలట. హైదరాబాదు దక్కను పీఠభూమి మీద ఉందని చదివి, మొదటిసారి రైల్లో వెళ్తూ ఆ పీఠం మెట్లెక్కడ వస్తాయా అని కిటికీకి అతుక్కుపోయాను. మెట్లు రాలేదు, పల్లీలు వచ్చాయి. సముద్ర మట్టం నుంచి సుమారు 500 మీటర్లు ఎక్కించినా రైలు ఆ సంగతి నాతో ఒక్క ముక్క అనలేదు.

ఇక రుతుపవనాలు. నైరుతి రుతుపవనాలంటే నైరుతికి పోయేవి కావు, అక్కడి నుంచి వచ్చేవి. నైరుతి మూల బరువుండాలనే మా బాబయ్య వాస్తు జ్ఞానానికి ఇది బాగా నచ్చింది: “చూశావా, నీళ్ల బరువంతా ఆ మూలనుంచే!” మామ్మకు ఈ గొడవేమీ లేదు. రోహిణిలో తిట్టేది, మృగశిరలో తడిసేది, తొలకరి అనేది.

మా పుస్తకం చేసిన అసలు తమాషా ఏమిటంటే, ఒకే కథను నాలుగు ముక్కలు చేసి, ముక్కకో మార్కు పెట్టడం. కలిపి చూడండి. సముద్రంలోకి చొచ్చుకుపోయిన ద్వీపకల్పం కాబట్టి నైరుతి గాలి అరేబియా శాఖ, బంగాళాఖాతం శాఖగా చీలుతుంది. ఆ గాలి తెచ్చిన వాన పడమటి కనుమల మీదా, పీఠభూమి మీదా కురుస్తుంది. గోదావరి పుట్టే త్ర్యంబకానికి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. అయినా పీఠభూమి తూర్పుకు వాలి ఉండటంతో నది ఆ దగ్గరి దారి వదిలి, 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతానికి వస్తుంది. దారిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలుస్తాయి. అందరూ తెచ్చిన మట్టితో నది రంగు మారితే మేం “ఎర్రనీరు వచ్చింది” అంటాం. ధవళేశ్వరం దిగువన వాలు తగ్గి, పాయలు చీలి, నీటి వేగం మందగించాక ఆ మట్టి మేట వేస్తుంది. అదే మా ఊరు, అదే ఆ అయిదెకరాలు.

ఈ మేట ఎప్పటికీ సాగుతుందన్నట్టు పుస్తకం రాసింది. సాగదు. 112 టీఎంసీలకని కట్టిన శ్రీరాంసాగర్ సామర్థ్యం పూడిక వల్ల 90కీ, తర్వాత 80 దరిదాపులకీ పడింది. అక్కడ ఆగిన మట్టి కిందికి రాదు. నది మట్టి తేవడం తగ్గితే సముద్రం తన పని మానుకోదు. అంతర్వేది దగ్గర తీరం కోతకు గురవుతోంది.

అందుకని ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు ఒక మనవి. డెల్టా, ద్వీపకల్పం, పీఠభూమి, రుతుపవనాలు అంటూ నాలుగు ఒక మార్కు ప్రశ్నలు తీసేయండి. “ఎగువ మట్టి అంతర్వేదికి ఎలా వచ్చింది, ఇప్పుడెందుకు తగ్గింది?” అని నాలుగు మార్కులకు ఒక్కటే అడగండి. జవాబు చివర ‘అందురు’ లేకపోయినా మార్కులు వేయండి.