నిడివి చూడకండి, బొమ్మ నమ్మకండి

1957 నాటి నలుపు తెలుపు ‘మాయాబజార్’నూ, 2010లో గోల్డ్‌స్టోన్ వాళ్ళు రంగులద్ది విడుదల చేసిన ప్రతినీ పోల్చి, ఏం పోయిందో తేల్చాలనుకుంటున్నారా? తలకిందులుగా అనిపించినా ఇలా చేయండి.

మొదటిది, మొత్తం నిడివి చూడకండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మన టీవీ పద్ధతి 25. టీవీ కోసం ఎక్కించిన ప్రతి సాధారణంగా ఆ మేరకు వేగంగా తిరుగుతుంది. 184 నిమిషాల సినిమా ఒక్క ఫ్రేమూ పోకుండానే 177 నిమిషాల లోపు అయిపోతుంది. కత్తెర పడిందని గోల పెట్టేముందు వీఎల్‌సీలో Ctrl+J నొక్కి ఫ్రేమ్ రేటు చూడండి. 25 అని ఉండి, ఘంటసాల గొంతు కాస్త సన్నగా వినిపిస్తుంటే వేగం పెరిగినట్టే. ఆ ప్రతిలోని సమయాలను 25తో గుణించి 24తో భాగించాలి.

రెండోది, బొమ్మను పక్కన పెట్టి మాటలు వినండి. రంగుల ప్రతిలో ప్రతి ఫ్రేమూ మారింది కాబట్టి బొమ్మల్ని సరిపోల్చే సాఫ్ట్‌వేర్ తికమకపడుతుంది. నేపథ్య సంగీతాన్నీ కొత్తగా రికార్డు చేశారు, దాన్నీ పట్టుకోలేం. నటుల సంభాషణలే గట్టి ఆధారం. రెండింట్లోనూ ఒకే మాట ఏ సెకనులో మొదలైందో రాసుకోండి.

మూడోది, మొదటి నుంచి మొదలుపెట్టకండి. అక్కడ కొత్త టైటిళ్ళూ లోగోలూ చేరి ఉంటాయి. మధ్యలోంచి పట్టుకోండి. ఉదాహరణకు, వేగం సరిచేశాక పాత ప్రతిలో 62:30కి వచ్చే మాట కొత్తదాంట్లో 62:50కి వచ్చిందనుకుందాం. తేడా 20 సెకన్లు. పాతదాంట్లో 93:45కి వచ్చే మాట కొత్తదాంట్లో 90:05కే వచ్చేసింది. అంటే నడుమ సరిగ్గా 4 నిమిషాలు పోయాయి. ఎక్కడ? మధ్యన 78:08 దగ్గర చూస్తే తేడా ఇంకా 20 సెకన్లే. కాబట్టి కోత ఆ తర్వాతే పడింది. మిగిలిన భాగాన్నీ ఇలాగే సగానికి సగం చేస్తూ పోతే కోత దొరుకుతుంది. ఇంకాస్త ముందుకెళ్ళాక తేడా మళ్ళీ 20 సెకన్లకు వచ్చిందంటే ఆ ముక్క పోలేదు, బహుశా చోటు మారింది. అక్కడికి వెళ్ళి వినండి.

తేడా ఒక్కసారిగా గెంతితే కోత. నిమిషానికి రెండున్నర సెకన్ల చొప్పున నెమ్మదిగా పెరుగుతూ పోతే, మీరు వేగం సరిచేయలేదన్నమాట. అర సెకను గెంతులు చాలాసార్లు పాత ప్రింటు తెగి అతికిన చోట్లు. వాటికి ఎడిటర్‌ను తప్పుపట్టకండి, అది అన్యాయం.

మీ పద్ధతి పనిచేస్తోందో లేదో ముందుగా తెలిసిన కోతల మీద పరీక్షించుకోండి. రంగుల ప్రతిలో ‘భళి భళి భళి దేవా’, ‘చూపులు కలసిన శుభవేళ’ పాటలు లేవు, పద్యాలూ చాలావరకు పోయాయి. ఆ రెండు పాటల చోట గెంతు కనబడకపోతే లెక్క మొదటికి తెచ్చుకోండి.

ఒక్కచోట మాత్రం కళ్ళు కావాలి. తీసేసిన షాటు స్థానంలో అంతే నిడివి గల మరో షాటు పెడితే సమయం ఏమీ చెప్పదు. మాటల్లేని చోట్ల రెండు ప్రతులనూ పక్కపక్కన నడిపి చూడాల్సిందే.