లంకెబిందెల బంగారం కొనే విధానం

ముందు తోట్లవల్లూరు సెంటర్లో టీ తాగుతూ, చెరకు డబ్బులు చేతికొచ్చాయని నలుగురికీ వినపడేలా చెప్పండి. ఇక సరుకే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది.

వచ్చినవాడి లుంగీ మాసి ఉంటుంది, గోళ్లలో మట్టి ఉంటుంది. "అయ్యా, పునాదులు తవ్వుతుంటే చెంబు బయటపడింది. కొట్టుకు తీసుకెళ్తే పోలీసులకు పట్టిస్తారు. మీరు పెద్దవారు, సగం ధరకిచ్చేస్తా" అంటాడు. ఏ ఊళ్లో, ఎవరింటి పునాదులని అడిగి పాపం అతన్ని ఇబ్బంది పెట్టకండి.

నమ్మకానికి ఒక నాణెం చేతిలో పెడతాడు. దాన్ని ఉయ్యూరు తీసుకెళ్లి కంసాలికి చూపించండి. ఆయన గీటురాయి మీద గీసి, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేస్తాడు. గీత చెదరదు. "ఇరవై రెండు కేరట్లండీ" అంటాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ ఒక్కటీ అసలు బంగారమే. మొత్తం వ్యాపారంలో అతగాడి పెట్టుబడి అదే.

తరవాత సంచీ వస్తుంది. ఇక్కడ మీరు చేయకూడని పనులు రెండున్నాయి. సంచీ అడుగున చెయ్యి పెట్టి మీకు నచ్చిన నాణెం మీరే తీయడం మొదటిది. పరీక్షకు నాణెం అతనే ఏరి ఇవ్వాలి, అదీ అరచేతిలోంచి. రెండోది తూకం. బంగారం చాలా బరువైన లోహం. అదే సైజు ఇత్తడి నాణెం దాని బరువులో సగం కూడా తూగదు. కంసాలి దగ్గర మొదటిది పది గ్రాములు తూగితే, సంచీలోది అయిదు గ్రాములు దాటదు. బరువు సరిపెట్టాలంటే రెట్టింపు మందం చేయాలి. పైన బంగారు నీళ్లు ఎంత పూసినా కాటా మోసపోదు. అందుకే కాటా వద్దు. చిలకలపూడి వాళ్లు రోల్డ్‌గోల్డును రోల్డ్‌గోల్డనే చెప్పి అమ్ముతారు, వాళ్లకు వ్యాపారం తెలీదు కాబోలు!

డబ్బు నగదుగా, చీకటి పడ్డాక, కరకట్ట మీదికి తీసుకెళ్లండి. ఇంట్లో ఆడవాళ్లకు మాత్రం చెప్పకండి, వాళ్లు అడ్డమైన ప్రశ్నలు వేస్తారు. నోట్లు చేతులు మారగానే "ఎవరో వస్తున్నారయ్యా, పరిగెత్తండి" అని కేక వినిపిస్తుంది. పరిగెత్తండి. లెక్క రేపు చూసుకోవచ్చు.

మర్నాడు ఉయ్యూరులో అదే గీటురాయి మీద యాసిడ్ పడగానే గీత పొంగి మాయమవుతుంది. మీరు స్టేషనుకు వెళ్లరని అతనికి ముందే తెలుసు. దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది. దొంగచాటుగా నిధి కొన్నానని ఎవరు చెప్పుకుంటారు? ఈ మోసానికి అసలు కాపలా మీ సిగ్గే.

అయినా వెళ్లండి. భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద ఇలా మోసంతో డబ్బు కాజేస్తే ఏడేళ్ల దాకా జైలుంది. ఆ మొదటి నాణెం, అతను ఫోన్ చేసిన నంబరు జాగ్రత్తగా పోలీసులకు అప్పగించండి. డబ్బు ఇంకా చేతిలోనే ఉంటే 112కు ఫోన్ చేయండి.