స్టీలు తిన్న బావగారు

స్వీటు షాపువాడు మైసూర్‌పాక్‌ను అట్టపెట్టెతో సహా కాటా మీద పెట్టాడంటే మా బావ ఊరుకోడు. "ముందు పెట్టె తీసి తూచవయ్యా, అట్ట కూడా నేతిలో వేయించావా?" అని నలుగురి ముందూ కడిగేస్తాడు. న్యాయమే. అలాంటి మనిషి ఇప్పుడు ఇంట్లో తనకు తానే తప్పుడు తూకం వేసుకుంటున్నాడు. తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేద్దామంటే, వాళ్లు వంటగదుల్లోకి రారాయె.

డాక్టరు బరువు తగ్గమన్నాడు. బావ కిచెన్ స్కేలు కొని, ఫోన్లో కేలరీలు రాసుకునే యాప్ పెట్టుకున్నాడు. స్కేలు మీద టేర్ అని ఒక బటన్ ఉంటుంది. ఖాళీ గిన్నె పెట్టి అది నొక్కితే సున్నా పడుతుంది, తర్వాత వేసిందంతా అన్నమే. అయితే ఏది గిన్నె, ఏది అన్నం అన్న విచక్షణ ఆ బటన్‌కు లేదు. నొక్కిన క్షణాన పైన ఏముంటే అదే సున్నా. చాలా స్కేళ్లలో ఆన్ చేసినప్పుడూ ఇదే తంతు.

మొదటి వారంలోనే ఒక ఘోరం జరిగింది. స్కేలు ఆన్ చేసి, 180 గ్రాముల స్టీలు గిన్నె పెట్టి, టేర్ మరిచిపోయి, 200 గ్రాముల అన్నం వడ్డించుకున్నాడు. తెర మీద 380. యాప్‌లోనూ 380. వండిన తెల్లన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు కదా, ఆ లెక్కన బావ ఆ పూట 230 కేలరీల పైచిలుకు స్టీలు ఆరగించాడు. "ఇంత తినలేదే!" అని గగ్గోలు పెట్టాడు. అక్క వచ్చి చూసి, "గిన్నె మీ కడుపులో లేదండీ, సింకులో ఉంది" అంది. దర్యాప్తు పది నిమిషాల్లో ముగిసింది.

రెండో ఘోరానికి మాత్రం దర్యాప్తే లేదు. ఈసారి టేర్ నొక్కాడు, అదే 200 గ్రాముల అన్నం వేశాడు, అంకె రాసుకునేలోగా ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చేసరికి స్కేలు బ్యాటరీ పొదుపు కోసం తనంతట తనే ఆరిపోయి ఉంది. ఆన్ చేశాడు. గిన్నె, అన్నం రెండూ కలిపి సున్నా అయ్యాయి. పైన ఇంకో హస్తం వేస్తే 60 చూపించింది. బావ 60 అని రాసుకుని 260 తిన్నాడు. ఆ రాత్రి యాప్ పచ్చరంగులో మెచ్చుకుంటే, ఆయన కూడా ఒప్పుకున్నాడు.

అసలు మర్మం ఇక్కడుంది. స్కేలు పొరపాట్లు అటూ ఇటూ జరుగుతాయి. కానీ ఎక్కువ చూపించినదాన్ని మనిషి పట్టుకుంటాడు, తక్కువ చూపించినదాన్ని దేవుడి దయ అనుకుంటాడు. నెల తిరిగేసరికి పుస్తకంలో మిగిలేవన్నీ ఒకే వైపు తప్పులు. అందుకే యాప్ ప్రకారం బావ ఎప్పుడో సన్నబడ్డాడు, ప్యాంటుకే ఇంకా సమాచారం అందలేదు.

దొంగను పట్టడం కష్టమేమీ కాదు. వడ్డించుకున్నాక గిన్నెను స్కేలు మీంచి ఎత్తి తెర చూడాలి. టేర్ సరిగ్గా పడి ఉంటే మైనస్ 180 కనిపిస్తుంది, అంటే ఖాళీ గిన్నె బరువు. సున్నా కనిపిస్తే గిన్నె అన్నంలో కలిసిపోయిందన్నమాట. ఆ ఫోన్ పూట ఎత్తి చూసి ఉంటే మైనస్ 380 వచ్చేది, మాయమైన 200 బయటపడేది. బావ ఎత్తి చూడలేదు. చూసే ఉద్దేశం ఉన్నట్టూ లేదు.

నెయ్యి సంగతి మరీ విడ్డూరం. స్కేలు మీద గిన్నె పెట్టి చుక్కచుక్కగా పోస్తే, కొన్ని స్కేళ్లు ఆ చిన్న మార్పును తమ సొంత తడబాటు అనుకుని సున్నా దగ్గరే సర్దుకుంటాయి. నెయ్యి పడుతుంది, అంకె కదలదు. అక్క ఉపాయం వేరు. నెయ్యి సీసానే స్కేలు మీద పెట్టి టేర్ నొక్కి, చెంచాతో తీసుకోమంది. మైనస్ 9 వస్తే 9 గ్రాములు తీసినట్టు, సుమారు 80 కేలరీలు. బావ మైనస్ 9 చూసి, "అయితే ఇది మొత్తంలోంచి తీసెయ్యొచ్చుగా?" అన్నాడు.

అక్కకు ఓపిక నశించింది. గిన్నెలన్నీ మూట కట్టి, పేర్లు చెక్కేవాడి దగ్గరికి తీసుకెళ్లి, ప్రతి గిన్నె మీదా దాని బరువు చెక్కించింది. పెళ్లినాటి గిన్నె మీద ఇప్పుడు "మేనమామ కానుక", దాని కింద 180. మొన్న భోజనానికొచ్చిన పిన్నిగారు దాన్ని తిప్పి చూసి, "మీ మామ ఇంత పిసినారా? పైగా రేటు కూడా చెక్కించాడా!" అంది.